అడిగి వేయించుకునే పదికి పది

సంపాదకుల వారికి,

మా పాలకొల్లులో బండి సర్వీసింగుకి ఇచ్చినా, ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకున్నా మర్నాడు ఫోనొస్తుంది: మా గురించి మీ స్నేహితులకు ఎంతవరకు చెబుతారు, 0 నుంచి 10లో ఎంతిస్తారు? ఆ ఫోను రాకముందే కౌంటర్ దగ్గర కుర్రాడు బతిమాలతాడు. "పదే చెప్పండి సార్, ఎనిమిదన్నా మాకు ఇన్సెంటివ్ పోద్ది." మొన్న ఒక పెద్దాయన, బ్రేకు సరిగా పట్టడం లేదని గొణుగుతూనే, ఆ పిల్లాడి మొహం చూసి సరేనన్నారు.

దీన్ని నెట్ ప్రమోటర్ స్కోరు అంటారు. ఫ్రెడ్ రైకెల్డ్ అనే కన్సల్టెంట్ 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీన్ని ప్రతిపాదించారు. 9, 10 ఇచ్చినవారి శాతంలోంచి 0 నుంచి 6 దాకా ఇచ్చినవారి శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. 7, 8 ఇచ్చినవారు ఏ వైపూ లెక్కకు రారు. మన బళ్లలో పదికి ఎనిమిది వస్తే బాగా చదివాడంటాం. అదే అలవాటుతో మనసారా ఎనిమిది ఇచ్చినా ఆ కుర్రాడికి కలిసొచ్చేదేమీ లేదు. ఆరు ఇచ్చినా, సున్నా ఇచ్చినా అతనికి పడే దెబ్బ ఒకటే.

దీంతో బ్రాంచీలకు ర్యాంకులు వేయడం మరీ అన్యాయం. ఒక బ్రాంచిలో నెలకి 25 మంది జవాబిచ్చారనుకుందాం. 15 మంది తొమ్మిదో పదో ఇచ్చారు, ఆరుగురు ఏడో ఎనిమిదో, నలుగురు ఆరు లోపు. 60 లోంచి 16 తీస్తే స్కోరు 44. ఆ పదిహేను మందిలో ఒక్కరు తొమ్మిదికి బదులు ఆరు ఇస్తే 56 లోంచి 20 పోయి 36 అవుతుంది. పనిలో ఏ తేడా లేకపోయినా, ఒక్క మనిషి జవాబుతో 8 పాయింట్లు పడిపోయాయి. ఆ నెల భీమవరం బ్రాంచి తణుకు కంటే వెనకబడిందని హెడ్డాఫీసు సంజాయిషీ అడిగితే సిబ్బంది ఏం చెప్పగలరు? బతిమాలడం మొదలుపెడతారు, కోపంగా ఉన్నవారికి సర్వే లింకు వెళ్లకుండా చూసుకుంటారు. రైకెల్డే 2021లో అదే పత్రికలో ఈ వాడకాన్ని తప్పుపట్టారు. పది ఇవ్వకపోతే ఉద్యోగం పోతుందని వేడుకోవడం, క్లెయిమ్ తిరస్కరణకు గురైనవారికి సర్వే పంపకపోవడం లాంటివి ఆయన చెప్పిన ఉదాహరణలే.

సంస్థలు ఈ స్కోరును కిందిస్థాయి సిబ్బంది జీతం నుంచి వేరుచేయాలి. స్కోరు ప్రకటించేటప్పుడు ఎంతమందిని అడిగారో, ఎంతమంది జవాబిచ్చారో కూడా చెప్పాలి. తక్కువ ఇచ్చినవారికి ఫోన్ చేసి కారణం కనుక్కోవాలి.

వినియోగదారులకూ ఒక మాట. సర్వేలో సున్నా నొక్కినంత మాత్రాన ఫిర్యాదు నమోదైనట్టు కాదు. బ్రేకు పట్టకపోతే జాబ్ కార్డు మీద రాయించి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి.

ఇట్లు,
ఒక వినియోగదారుడు, పాలకొల్లు