మూడో వంతు అమ్ముకున్నాక చేతికొచ్చేది

సంపాదకులకు నమస్కారం. నేను రైల్వేలో పనిచేసి 60 ఏళ్లకు రిటైర్ అయ్యాను. పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని, దాని బదులు ఒకేసారి సొమ్ము తీసుకోవడాన్నే కమ్యూటేషన్ అంటారు. 40 శాతం దాకా చేసుకోవచ్చంటారు కానీ నేను మూడో వంతుతో ఆగాను.

నా బేసిక్ పెన్షన్ 36,000. అందులో 12,000 వదులుకుంటే, దాన్ని 12తో, ఆ వయసుకు పట్టికలో ఉన్న 8.194తో గుణించి 11,79,936 రూపాయలు ఒకేసారి ఇచ్చారు, దానిమీద పన్ను లేదు. నెలనెలా మిగిలేది 24,000. కరువు భత్యం మాత్రం మొత్తం 36,000 మీదే లెక్కకడతారు, ఇది చాలామందికి తెలియక అనవసరంగా టెన్షన్ పడుతుంటారు.

కోత 15 ఏళ్లు, అంటే మొత్తం 21,60,000. లెక్క వేస్తే దాదాపు 9 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నట్టే (మా ఆవిడ మొదటిరోజే అంది, ఇది మన డబ్బే మనకు అప్పివ్వడమని!). మనం తీసుకున్నంత సొమ్ము దాదాపు 8 ఏళ్ల 2 నెలలకే కోతలో వెళ్లిపోతుంది, ఆ తర్వాత కోసేదంతా వడ్డీ కింద మనం అదనంగా కట్టేదే. అయితే మధ్యలో పెన్షనర్ పోతే ఆ బాకీ ఇంటివాళ్ల మీద పడదు, ఫ్యామిలీ పెన్షన్‌లోనూ కోయరు. ఇంటి అప్పు నెత్తిన ఉంటే తీసుకోండి, ఊరికే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయడానికైతే వద్దు.

కోత మొదలైన తేదీ రాసిపెట్టుకోండి, 15 ఏళ్లు నిండిన నెల పాస్‌బుక్‌లో 12,000 తిరిగి కలిసిందో లేదో చూసుకోవాలి.

- ఒక రైల్వే పెన్షనర్, విజయవాడ