‘రేపు’ అంటే ఏ రోజు?

సంపాదకులకు నమస్కారం.

గత వారం ఒక వార్తా సంస్థ పెట్టిన నలభై సెకన్ల వీడియో చూసి మా ఇంట్లో బిందెలు, బకెట్లు అన్నీ నింపేశాం. “రేపటి నుంచి మూడు రోజులు నీళ్లు రావు” అని అందులో ఇంజనీరు చెప్పారు. కింద క్యాప్షన్‌లోనూ అదే వాక్యం, పక్కన ఆయన హోదా. తెల్లారితే నీళ్లు యథాప్రకారం వచ్చాయి. ఆరా తీస్తే అది ఐదు రోజుల కిందటి వీడియో. నీళ్లు ఆగింది కూడా వేరే ట్యాంకు పరిధిలోనట.

ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల వీడియోలు పెట్టిన వరుసలో కనిపించవు. మంగళవారం పెట్టింది ఆదివారం ఎదురుకావచ్చు. అప్పుడు ‘రేపు’, ‘ఇక్కడ’, ‘ఈ పని’ అన్న మాటలకు అర్థమే మారిపోతుంది. మాట్లాడే మనిషి ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడతాడు కాబట్టి అలాగే అంటాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ మాటలకు తేదీ, చోటు చేర్చాల్సింది క్యాప్షన్ రాసేవారు.

ఆ వీడియో కింద ఇలా రాసి ఉంటే సరిపోయేది: “జూన్ 10 సాయంత్రం చెప్పిన మాట. 11 నుంచి 13 వరకు తూర్పు ట్యాంకు పరిధిలోనే నీళ్లు రావు. మెయిన్ పైపు మారుస్తున్నారు. మిగతా చోట్ల సరఫరా మామూలే.” ఇందులో వీడియోలో వినిపించే వాక్యం తిరిగి రాలేదు, వినిపించనివే ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా చోటున్నా, నొక్కి తెరవకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. అందుకే తేదీ, ప్రాంతం ముందు రావాలి, కారణం తర్వాత వచ్చినా ఫరవాలేదు.

కోసేసిన ప్రశ్న సంగతీ ఇంతే. “అలాంటిదేమీ లేదు” అన్న జవాబు ఒక్కటే వీడియోలో ఉంటే, ఏది లేదన్నారో క్యాప్షనే చెప్పాలి.

తెర మీద నడిచే సబ్‌టైటిల్స్ తీసేయమని నేను అనడం లేదు. వినికిడి లేనివారికి అవే ఆధారం, అవి మాటకు మాట ఉండాల్సిందే. ఆ పని అక్కడ జరుగుతోంది కనుక, కింది క్యాప్షన్‌లో మళ్లీ అదే రాస్తే ఉన్న చోటు వృథా.

ఒక చిక్కుంది. వీడియోను దించుకుని వాట్సాప్‌లో పంపితే క్యాప్షన్ వెంట రాదు. కాబట్టి తేదీ, ప్రాంతం తెర మీద ఒక మూల మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. ఇక పని ముందే పూర్తయినా, గడువు పెరిగినా ఇంజనీరు మాటను మార్చలేం గానీ క్యాప్షన్‌ను మార్చవచ్చు. “12 సాయంత్రానికే సరఫరా మొదలైంది” అని పాత క్యాప్షన్ పైన ఒక్క వరుస చేర్చే అలవాటు మీ డిజిటల్ విభాగం నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు