అన్నకి, చిన్నోడికి, మరిదికి: ఇల్లు పంచుకునే సంగతి

తిరుపతి

అన్నకీ వదినకీ నమస్కారాలు. చిన్నోడికీ, మరదలికీ, మరిదికీ, పిల్లలకీ ఆశీస్సులు.

ఫోన్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరం అలుగుతున్నాం, అందుకే ఉత్తరం. ముప్పై ఏళ్లకు పైగా నోటుపుస్తకాలు దిద్దిన చెయ్యే గానీ, ఇది ఎర్ర ఇంకుతో రాయడంలేదు, భయపడకండి.

మొన్నటి వానకి వంటింటి మిద్దె మళ్లీ కారింది. కారే చోట అమ్మ పాయసం వండే ఇత్తడి గిన్నె పెట్టాను. రాత్రంతా టప్ టప్ అంటుంటే నిద్రపట్టక ఒకటే ఆలోచన. మేస్త్రీని పిలవాలంటే నలుగురి ఇల్లు, ఎవర్ని అడిగి పిలవాలి? పిలవకపోతే గోడ నాని పోతుంది. అమ్మ పోయినప్పటి నుంచీ ఇదే వరస. మనం బతికుండగానే, ముఖాలు చూసుకుని నవ్వుకునే రోజుల్లోనే పంచేసుకుందాం.

ముందు ఎవరికెంత అన్నది తేల్చుకుందాం. మరదలు ఆ రోజు "1985 కంటే ముందు పెళ్లయిన ఆడపిల్లలకి భాగం లేదంట కదా" అంది. తప్పుగా అనుకోలేదమ్మా, చాలామంది అలాగే అనుకుంటారు. నా పెళ్లి 1983లో అయింది కాబట్టి నాకూ ఆ సందేహం ఉండేది. ఆ 1985 మాట మన రాష్ట్రం వారసత్వ చట్టానికి చేసిన సవరణలోది, అది తాతల నాటి ఉమ్మడి ఆస్తి గురించి. 2005లో కేంద్రం చేసిన మార్పు కూడా దాని గురించే. మన ఇల్లు అలాంటిది కాదు. నాయన 1974లో తన జీతం డబ్బుతో కొన్న జాగా, వీలునామా రాయకుండా 1998లో పోయాడు. అలాంటి ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానంగా వస్తుంది. పెళ్లి ఎప్పుడయిందన్న ప్రశ్నే లేదు.

ఇక లెక్క. మనది ముప్పై అడుగుల వెడల్పు, డెబ్భై రెండు అడుగుల పొడవు. మన ఊరి కొలతలో అంకణానికి 36 చదరపు అడుగులు కాబట్టి మొత్తం 60 అంకణాలు. నాయన పోయిన రోజున అమ్మతో కలిపి మనం అయిదుగురం, తలా 12 అంకణాలు. చెల్లెలు 2012లో పోయింది. అప్పటికే దాని 12 అంకణాలు దానివి అయిపోయాయి కాబట్టి, అవి మరిదికీ ఇద్దరు పిల్లలకీ నాలుగేసి వచ్చాయి. తర్వాత 2019లో అమ్మ పోయింది. అమ్మ 12 అంకణాలు మనం ముగ్గురం తలా మూడు, చెల్లెలి వాటా మూడు దాని పిల్లలిద్దరికీ ఒకటిన్నర చొప్పున. అమ్మ ఆస్తిలో అల్లుడికి రాదు.

అంటే అన్నకి 15, నాకు 15, చిన్నోడికి 15. చెల్లెలి వైపు మరిదికి 4, పిల్లలకి అయిదున్నర చొప్పున, కలిపితే అదీ 15. ఎటు తిప్పినా నాలుగు సమాన భాగాలే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పిల్లల సంతకాలు చాలు అనుకుని మరిదిని వదిలేస్తే ఆ నాలుగు అంకణాలు గాలిలో వేలాడతాయి, రేపు ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. కాబట్టి సంతకాలు నాలుగు కాదు, ఆరు. మరిదీ, నువ్వు "నాకేం వద్దు వదినా, పిల్లలకే ఇచ్చేయండి" అంటావని తెలుసు. అది కూడా కాగితం మీద నువ్వే రాయాలి నాయనా.

నలుగురికి నాలుగు ముక్కలు చేస్తే తలా ఏడున్నర అడుగుల వెడల్పు. ఆటో కూడా తిరగదు. అన్న బెంగుళూరు వదిలి రాడు, మరిదికి చిత్తూరులో ఇల్లుంది. అందుకని జాగాని రెండు ముక్కలు చేసి, నేనూ చిన్నోడూ తీసుకుని, మిగతా రెండు భాగాలకి డబ్బు ఇస్తాం. వీధిలో అడిగి చూశాను, అంకణానికి రెండు లక్షలు అందరికీ న్యాయంగా అనిపిస్తే మొత్తం కోటీ ఇరవై లక్షలు, భాగం ముప్పై లక్షలు. పాత కట్టడానికి విలువ కట్టొద్దు, కారే మిద్దెకి ఎవరిస్తారు?

గీత ఇలా గీశాను. ముందు వైపు 36 అడుగుల లోతు, వెనక 36. వెనక వాళ్లు వీధిలోకి రావాలి కదా, ముందు ముక్కలో పడమటి గోడ వెంట నాలుగు అడుగుల దారి వదిలాను. దారి నాలుగు అంకణాలు, ముందు భాగం 26, వెనక భాగం 30. దారి ఉమ్మడి అని రాస్తే ఎవరి స్కూటర్ అడ్డం పెట్టారన్న గొడవతో మొదలై కోర్టు దాకా పోతుంది. మా స్కూలు వీధిలో ఇద్దరు అన్నదమ్ములు అలాగే మాటల్లేకుండా బతుకుతున్నారు. కాబట్టి దారి వెనక భాగానికే సొంతం అని రాద్దాం, వెనక వాళ్లకి 34 అయినట్టు. ముందువాళ్లకి అంకణాలు తక్కువైనా వీధి ముఖం ఉంది, రెండూ సరిసమానం అనుకోవచ్చు. వెనకింటి మురుగునీటి పైపు ఆ దారి కిందే పోవాలి. బోరు ముందు భాగంలో పడింది, నీళ్లు ఇద్దరికీ, కరెంటు బిల్లు చెరిసగం. ఇవన్నీ ఒక్కొక్క వాక్యంగా దస్తావేజులో ఉండాలి. గీత గీసింది నేను కాబట్టి ఏ ముక్క కావాలో ముందు చిన్నోడే చెప్పాలి. మిగిలింది నాది. అతను అన్నకి ముప్పై లక్షలు, నేను చెల్లెలి వాళ్లకి ముప్పై లక్షలు.

అన్నా, నువ్వు "మన మధ్య రిజిస్ట్రేషన్ ఎందుకమ్మా, స్టాంపు కాగితం మీద రాసుకుని పెద్దమనుషులతో సంతకాలు పెట్టిద్దాం" అన్నావు. నీ ప్రేమ నాకు తెలుసు. కానీ ఆ కాగితంతోనే ఇల్లు పంచుకుంటే, దాన్ని రిజిస్టర్ చేయకపోతే పంచుకున్నామని రుజువు చూపడానికి కోర్టులో అది చెల్లదు. ఎప్పుడో నోటిమాటగా పంచేసుకుని, జ్ఞాపకం కోసం తర్వాత రాసుకున్న కాగితానికైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మనం ఇంకా పంచుకోలేదుగా. పంచుకున్నట్టు పాత తేదీ వేసి రాయడం నా వల్ల కాదు, పిల్లల కాపీలు పట్టుకున్న దాన్ని. ఇంటి పన్ను నా పేరు మీద వస్తోందని చిన్నోడు ఒకసారి ముఖం ముడుచుకున్నాడు. పన్ను రశీదు హక్కు కాదురా, కట్టినవాళ్లెవరో చెప్పే చీటీ అంతే. ఇన్నేళ్లు కట్టిన పన్ను నేను లెక్కలో వేయను, అమ్మ ఆపరేషన్‌కి ఇచ్చింది నువ్వూ వేయకు.

డబ్బు విషయంలో ఒక్క పట్టు. "మొత్తం ముట్టినది" అని రాసి, తర్వాత ఇస్తాం అనుకోవడం వద్దు. నాతో పనిచేసిన టీచరమ్మ అలా సంతకం పెట్టి ఆరేళ్లు తిరిగింది. నా దగ్గర రిటైర్మెంట్ డబ్బులో మిగిలింది పద్దెనిమిది లక్షలు, మిగతా పన్నెండూ సమకూరాక చెక్కు చేతికిచ్చిన రోజే రిజిస్ట్రేషన్. చిన్నోడు లోను పెట్టాలంటే ముందే బ్యాంకుని అడిగి, వాళ్లకి ఎలాంటి దస్తావేజు కావాలో కనుక్కోవాలి. అన్నా, మరిదీ, మీరు వదులుకునే రెండు భాగాలూ ఈ పంపకాల దస్తావేజులోనే రాయాలా, హక్కు విడుదల దస్తావేజు వేరుగా రాయాలా అన్నది రాసే అతన్ని సుంకం లెక్క వేయమని అడుగుదాం.

నాయన క్రయ దస్తావేజు నా బీరువాలో ఉంది, ఈసీ తీయిస్తాను. నాయన, అమ్మ, చెల్లెలు ముగ్గురి డెత్ సర్టిఫికెట్లు కావాలి. చెల్లెలిది మరిది దగ్గరే ఉండాలి, వెతికి ఫొటో పంపు. పాత దస్తావేజులో చిత్తూరు జిల్లా అని ఉంది, ఇప్పుడు తిరుపతి జిల్లా అని రాయించాలి. ఇంకో సంగతి, తూర్పు హద్దులో రాసిన ఆయన ఇల్లు అమ్మి ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇప్పటి పేరు కనుక్కుని రాస్తాను.

గంగమ్మ జాతరకి అందరూ ఎలాగూ వస్తారు కదా. రెండు రోజులు ముందే రండి, టేపు పట్టుకుని దారి గీత మీ కళ్లముందే కొలుద్దాం. వదినకి చింతపండు పెట్టి ఉంచాను. అన్నా, షుగర్ చూపించుకున్నావా లేదా, అది మాత్రం ఫోన్లో చెప్పు.

మీ
అక్క (అన్నకి చెల్లి)