సంతకం పెట్టండి, సత్యనారాయణ గారూ

చిన్నీకి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నిన్న కొబ్బరి దింపు తీయించాం. కాయ కాస్త చిన్నదిగానే ఉంది, అయినా కొట్టు నిండింది. నీ కోసం నాలుగు బొండాలు పక్కన పెట్టించారు నాన్న.

రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి పడుకున్నాక కూడా నన్ను వదల్లేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో "సరే అమ్మా, సరే అమ్మా" అనేస్తావు.

నువ్వు చెప్పింది ఇదీ. బంగారం మీద తీసుకున్న పంట రుణం రెన్యువల్ చేయించుకోడానికి మీ బ్యాంకుకి ఒక పెద్దాయన వచ్చారు. అరవై ఐదు దాటి ఉంటాయన్నావు. నువ్వు ఫారం ఆయన ముందు పెట్టి, నవ్వుతూనే, "అన్నా, ఇక్కడ సంతకం పెట్టు" అన్నావు. ఆయన "ఆయ్, అలాగేనండి మేడమ్ గారూ" అని సంతకం పెట్టారు. తర్వాత నువ్వు పక్క సీటు అమ్మాయితో "అతను నిన్న కూడా వచ్చాడు, పాస్‌బుక్ మర్చిపోయాడు" అన్నావు. మర్నాడు ఆయన మళ్లీ వచ్చి, నీ కౌంటర్ ఖాళీగా ఉన్నా పక్క కౌంటర్ దగ్గర అరగంట నిలబడ్డారు. "నేనేం తప్పు చేశానమ్మా, అన్నా అనే కదా పిలిచాను" అని అడిగావు.

ఆప్యాయంగానే అన్నావు, నాకు తెలుసు. ఇంటర్ నుంచి ఉద్యోగం వచ్చేదాకా హైదరాబాద్‌లోనే ఉన్నావు. అక్కడ ఆటో ఎక్కితే "అన్నా", టీ కొట్టు దగ్గర "అన్నా", ఆఫీసులో సీనియర్‌ని కూడా "అన్నా". అక్కడ అది చనువు, మర్యాద రెండూ. "అన్నా, జర ఆపు" అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. మన వైపు అన్న అనేది ముందు ఇంట్లో మాట. బయట వాడితే దాదాపు మన ఈడువాళ్లతో, లేదా నాలుగేళ్లు పెద్దవాళ్లతో వాడతాం. నాన్నకంటే పెద్దాయన్ని అన్న అంటే ఆయన వయసు తగ్గించినట్టు ఉంటుంది.

కానీ ఆయన మనసు నొచ్చుకుంది ఆ "అన్నా" దగ్గర కాదనుకుంటాను. "పెట్టు" దగ్గర. పిలుపు ఏదైనా కానీ, మర్యాద నిలిచేది క్రియలో. "అన్నా, ఇక్కడ సంతకం పెట్టండి" అని ఉంటే ఆయన సర్దుకుపోయేవారు. "సర్, కూర్చో" అని చూడు, సర్ అన్నా వినడానికి ఎలా ఉందో. సర్, మేడమ్ అనేవి క్రియని వాటంతట అవి మార్చవు, మనం మార్చాలి. "గారు" మాత్రం బహువచనాన్ని వెంట తెచ్చుకుంటుంది. "సత్యనారాయణ గారూ, ఇక్కడ సంతకం పెట్టు" అనాలని చూడు, నోరు తిరగదు. నీకు గారు అలవాటు చేసుకోమని చెప్పేది అందుకే. అది నోట్లోకి వచ్చిందంటే పెట్టండి, రండి, చూడండి వాటంతట అవే వస్తాయి.

ఇక రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది, దాన్ని నువ్వు తప్పని కూడా అనుకోలేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే పక్కమ్మాయితో "అతను వచ్చాడు, మర్చిపోయాడు" అన్నావు. మనిషితో మాట్లాడేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాం, మనిషి గురించి మాట్లాడేటప్పుడు జారిపోతాం. "ఆయన నిన్న కూడా వచ్చారు, పాస్‌బుక్ మర్చిపోయారట" అనాలి. ఆడవాళ్లయితే "ఆవిడ వచ్చారు". అతను, ఆమె అనే మాటలు పేపర్లో వార్తకి సరిపోతాయి, ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్లకి సరిపోవు. మన వైపు మనిషి తన గురించి పక్కవాళ్లకి ఎలా చెబుతున్నారో చెవి పెట్టి వింటారు. నీ అసలు గౌరవం అందులోనే తెలుస్తుందని వాళ్ల లెక్క. ఆ లెక్క నిజమేనని నేనూ నమ్ముతాను.

నొచ్చుకున్నారని ఎలా తెలుస్తుందంటావా? ఇక్కడ ఎవరూ కోప్పడరు. మర్యాద ఇంకా పెంచుతారు. నీ వయసు ఆయన మనవరాలి వయసు. మామూలుగా అయితే "ఏమ్మా" అనాల్సిన మనిషి "మేడమ్ గారూ" అన్నారు చూడు, అక్కడే ఆయన దూరం జరిగారు. ఇంకాస్త నొచ్చుకుంటే "తమరు" వస్తుంది. "చూద్దామండి" అని వెళ్లిపోతే ఇక రారనే అర్థం. కాబట్టి ఎవరైనా పెద్దవాళ్లు నీకు వరసగా అండి మీద అండి పెడుతుంటే, నువ్వు అంతకుముందు ఏమన్నావో ఒకసారి గుర్తు చేసుకో.

బ్యాంకులో నీకు ఒక సదుపాయం ఉంది, పేరు నీ చేతిలోనే ఉంటుంది. అయితే పాస్‌బుక్ మీద మొదట ఉండేది ఇంటిపేరు. కొత్త పిల్లలు దాన్నే చదివి గారు తగిలిస్తారు. ఒక్కో ఊళ్లో సగంమందిది అదే ఇంటిపేరు, నలుగురు తలెత్తుతారు. చివరి దాకా చదువు. వెంకట సత్యనారాయణ అని ఉంటే "సత్యనారాయణ గారూ" అని, చివర దీర్ఘం ఇచ్చి పిలువు. చీటీ మీద రాస్తే "సత్యనారాయణ గారికి" అని రాయి. "గారుకి" అని ఈమధ్య చాలా చోట్ల చూస్తున్నాను, గారు వెనక కి వచ్చినా ని వచ్చినా అది గారి అయిపోతుంది. పేరు తెలియకపోతే సర్, మేడమ్ అను, తప్పేం లేదు. ముప్పై అయిదేళ్ల ఆవిడని మాత్రం ఆంటీ అనకు, అక్కా అన్నా బాగుంటుంది, మేడమ్ అన్నా బాగుంటుంది. ఫోన్ ఎత్తితే "నేను మేడమ్‌ని మాట్లాడుతున్నాను" అనకు. ఆ మాట ఎదుటివాళ్లు అనాలి. నీ పేరు చెప్పు చాలు.

మీ అటెండర్‌ని అందరూ బాబాయ్ అంటారన్నావు. వాళ్లు అననీ. ఆయనతో వాళ్లకి ఏళ్ల పరిచయం. నువ్వు నిన్న గాక మొన్న వెళ్లి "బాబాయ్, ఆ ఫైలు పట్రా" అంటే అందులో బాబాయ్ వినపడదు, పట్రా వినపడుతుంది. చుట్టరికం పేరు పెట్టి పని చెప్పించుకోవడం తేలిక, అందుకే జాగ్రత్తగా ఉండాలి. పేరు పెట్టి గారు అను. లేదా "బాబాయ్ గారూ, ఆ ఫైలు ఇస్తారా" అను.

ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మా పుట్టింట్లో రెండు నెలలకోసారి దింపు తీయడానికి ఒకాయన వచ్చేవారు. మా తాతగారి ఈడు. ఊళ్లో రైతుల ఇళ్లల్లో చిన్నపిల్లల దగ్గర నుంచి అందరూ ఆయన్ని ఒరేయ్ అనేవాళ్లు. నేనూ అన్నాను. నాకు తొమ్మిదో పదో ఏళ్లుంటాయి, చెట్టు కింద నిలబడి "ఒరేయ్, నాకో బొండం కొట్టు" అని అరిచాను. ఆయన చెట్టు దిగి, నడుముకున్న కత్తి తీసి, బొండం తల చెక్కి, రెండు చేతులతో పట్టుకుని "తీసుకోండి అమ్మాయి గారూ" అన్నారు. మోకాళ్ల దగ్గర చెట్టు ఒరుసుకుని చర్మం తెల్లగా లేచిపోయి ఉంది. అరుగు మీద మా పెద్దవాళ్లు నలుగురున్నారు, ఒక్కరూ నన్ను ఆపలేదు.

ఏళ్లు గడిచి నేను టీచర్‌నయ్యాక ఆయన మనవడు నా క్లాసులో చేరాడు. ఒకరోజు ఆయన వాడి టీసీ కోసం బడికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. నేను ఆయన పేరు పెట్టి "గారూ, లోపలికి రండి, కూర్చోండి" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు చిన్నీ. ఎవరినో పిలుస్తున్నాననుకున్నారు. రెండోసారి పిలిస్తే గానీ లోపలికి రాలేదు, వచ్చినా కుర్చీ అంచున కూర్చున్నారు.

గారు అనే మాటని మన ఊళ్లు చాలాకాలం పొలం చూసి, కులం చూసి పంచాయి. నీ కౌంటర్ దగ్గరికి ఎకరాలున్నవాళ్లూ వస్తారు, పింఛను కోసం వేలిముద్ర వేసేవాళ్లూ వస్తారు, చేపలమ్మి డబ్బు కట్టడానికి వచ్చే ఆడవాళ్లూ వస్తారు. ఇస్త్రీ చొక్కాకి గారు, మాసిన చొక్కాకి నువ్వు అనే అలవాటు మాత్రం నీకు రాకూడదు. ఇది నేను బతిమాలి అడుగుతున్నాను.

ఇంకొక్కటి. అండి అనేది వాక్యం చివర ఒక్కసారి చాలు. ప్రతి మాటకీ తగిలిస్తే మన యాసని వెక్కిరిస్తున్నావనుకుంటారు. ఆయ్ అని కూడా పట్టిపట్టి అనకు, ఏళ్ల తర్వాత వచ్చావు కదా, అదే తిరిగి వస్తుంది.

ఆ పెద్దాయన మళ్లీ వస్తే క్షమాపణలూ అవీ చెప్పకు, ఆయనే ఇబ్బంది పడతారు. లేచి నిలబడి "రండి సత్యనారాయణ గారూ, కూర్చోండి, మీ పని అయిందా" అని అడుగు, పేరు ఆయనది ఏదైతే అది. మొదటిసారి మళ్లీ మేడమ్ గారూ అనే అంటారు. రెండోసారీ అంటారేమో. నువ్వు నీ మాట మార్చకు. ఏదో ఒకరోజు ఫారం మడత పెట్టుకుంటూ "ఏమ్మా, ఎవరి అమ్మాయివి, అన్నం తిన్నావా" అని నిన్ను ఏకవచనంలో అడుగుతారు. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి.

ఆదివారం వస్తానన్నావు కదా, బస్సు ఎక్కగానే చెప్పు. నాన్న స్టాండుకి వస్తారు.

మీ అమ్మ