చేతిని తొలగించి పంపిన సీసా ఫోటోలోని లోపాలపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం నిర్వాహకులకు,

విషయం: ఉత్పత్తి ఫోటోలోంచి చేతిని తొలగించే పనిలో సీసా అంచు, లేబుల్ దెబ్బతినడం గురించి, పని తిరిగి చేసి ఇవ్వవలసిందిగా కోరుతూ.

ఆర్యా,

మా షాంపూ సీసాను చేత్తో పట్టుకుని తీసిన ఫోటోలోంచి చేతిని పూర్తిగా తొలగించి, సీసా ఒక్కటే తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నిలిచేలా తయారు చేసి ఇవ్వమని మీ సంస్థకు ఆర్డర్ ఇచ్చాము. పని పూర్తయిందంటూ మీరు పంపిన ఫైలులో చేయి లేని మాట నిజమే గాని, సీసా కుడి అంచు చెడిపోయింది, ఎడమ వైపు మెరుపు మధ్యలో తెగిపోయింది, లేబుల్ మీద మేము అచ్చు వేయించని అంకె ఒకటి వచ్చి చేరింది. ఈ ఫోటోను మేము వాడుకోలేము. లోపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, అవి ఎందుకు వచ్చాయని మేము అనుకుంటున్నామో కింద వివరంగా రాస్తున్నాము. దయచేసి దీన్ని ఆ పని చేసిన రీటచర్‌కు కూడా చూపించండి.

మేము పంపిన ఫోటోలో తెల్లటి ప్లాస్టిక్ సీసాకు ఎడమ వైపు నుంచి బొటనవేలు ముందుకు వచ్చి, అంచుతో పాటు లేబుల్ కింది మూలను కప్పింది. మిగతా నాలుగు వేళ్లు వెనక నుంచి తిరిగి వచ్చి, కుడి అంచు మీద వాటి కొనలు మాత్రమే కనిపిస్తున్నాయి. అంటే సీసా అంచు కెమెరాకు కనబడని చోట్లు మొత్తం ఐదు. అలాంటి చోట చర్మం రంగు ఎక్కడ ఆగిందో చూసి దాని వెంట కత్తిరిస్తే, సీసాకు వేలి ఆకారంలో గంట్లు పడతాయి. కుడి వైపు సరిగ్గా అదే జరిగింది. వేలికీ వేలికీ మధ్య సీసా అంచు మామూలుగా ఉంది, వేలు ఉన్న ప్రతిచోటా లోపలికి నొక్కుకుపోయింది. ఆ పక్కకు నిలువుగా ఒక గైడ్ గీత పెట్టి చూస్తే, తిన్నగా ఉండాల్సిన అంచు అలలు అలలుగా కనిపిస్తుంది. పై నుంచి రెండో వేలు ఉన్న చోట గోరు చివర సన్నని గులాబీ రంగు చార కూడా మిగిలిపోయింది.

సీసా పక్క గోడ తిన్నగా ఉంటుంది కాబట్టి, వేలికి పైన కనిపించే అంచు మీద పెన్ టూల్‌తో ఒక పాయింటు, కింద కనిపించే అంచు మీద మరొకటి పెట్టి, వేలు అక్కడ లేనట్టుగానే రెండింటినీ కలుపుతూ పాత్ గీస్తే అంచు దానంతట అదే సరిగ్గా వస్తుంది. భుజం దగ్గర వంపు ఉన్న చోట మాత్రమే ఊహకు పని ఉంటుంది. మా ఫోటోలో వేళ్లన్నీ తిన్నటి భాగం మీదే ఉన్నాయి. ఆ పాత్ నుంచి మాస్క్ తయారు చేసుకున్నాక లోపల మిగిలిన చర్మాన్ని సీసా ఉపరితలంతో నింపాలి. రంగు తేడాను బట్టి సెలెక్షన్ చేసే సాధనం వేలి అంచును పట్టుకోగలదు గాని, వేలి వెనక దాగిన సీసా అంచును పట్టుకోలేదు. మీ రీటచర్ ఆ సెలెక్షన్‌ను అలాగే ఉంచేసినట్టు కనిపిస్తోంది.

ఎడమ వైపు లోపం మరో రకంది. బొటనవేలు ఉన్న చోటును నింపడానికి కుడి వైపు ముక్కను అద్దంలో బొమ్మలా తిప్పి అతికించారు. ఆకారం వరకు అది సరిపోయింది. కాని మేము ఎడమ నుంచి ఒకే లైటు పెట్టి ఫోటో తీశాము కాబట్టి ఎడమ వైపు పై నుంచి కింది దాకా ఒక పొడవాటి మెరుపు ఉంది, కుడి వైపు నీడ ఉంది. ఆ నీడ ముక్క వచ్చి మెరుపు మధ్యలో కూర్చోవడంతో సీసా అక్కడ సొట్ట పడినట్టు ఉంది. గుండ్రటి సీసా మీద వెలుగు అడ్డంగా మారుతుంది గాని, నిలువుగా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే అదే పక్కన బొటనవేలికి పై నుంచి ఒక ముక్క, కింది నుంచి ఒక ముక్క తీసుకుని, మధ్యలో మెల్లగా కలిపేస్తే మెరుపు తెగకుండా ఉండేది.

ఇక లేబుల్ సంగతి. దీన్ని మేము అన్నిటికంటే తీవ్రంగా తీసుకుంటున్నాము. లేబుల్ కింది ఎడమ మూలలో “200 మి.లీ.” అని ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు బొటనవేలి కింద ఉన్నాయి. మీరు పంపిన ఫోటోలో అక్కడ “100 మి.లీ.” అని ఉంది. కొనేవాళ్లు పరిమాణాన్ని ఆ ఫోటో చూసే తెలుసుకుంటారు. కనబడని రాతను పక్క పిక్సెళ్లతో గాని, ఊహతో గాని నింపకూడదు. దాన్ని మరో ఆధారం నుంచి తెచ్చి పెట్టాలి. ఈ ఇబ్బంది వస్తుందని తెలిసే, అదే కెమెరా స్టాండు మీద, అదే వెలుగులో, బొటనవేలిని పైకి జరిపి తీసిన రెండో ఫోటోను కూడా ఆర్డర్‌తో పాటే పంపాము, దాని ఉద్దేశాన్ని సూచనలలో రాశాము. అందులో ఆ మూల పూర్తిగా కనిపిస్తుంది. దాన్ని పై లేయర్‌గా పెట్టి, అపాసిటీ తగ్గించి, సీసా మూతను, లేబుల్ అంచులను కింది ఫోటోతో సరిపెట్టి, అపాసిటీని మళ్లీ నూరు శాతానికి తెచ్చి, ఆ మూల వరకే మాస్క్‌లో తెరిస్తే సరిపోయేది. రెండు ఫోటోల మధ్య సీసా కాస్త వాలి ఉంటే లేయర్‌ను ఆ మేరకు తిప్పుకోవచ్చు. సీసా తన చుట్టూ తానే తిరిగి లేబుల్ పక్కకు జరిగి ఉంటే మాత్రం ఈ పద్ధతి కుదరదని మాకు తెలుసు. అలాంటప్పుడు పని ఆపి మమ్మల్ని అడిగి ఉంటే లేబుల్ ప్రింట్ ఫైలు పంపేవాళ్లం, దాన్ని సీసా గుండ్రానికి తగ్గట్టు వంచి అతికించే వీలుండేది. మీ నుంచి అలాంటి ప్రశ్న ఏదీ రాలేదు.

చివరగా, చేయి పోయినా దాని ఛాయ పోలేదు. వేళ్లు ఆనుకున్న చోట సన్నని నీడ, దాని చుట్టూ చర్మం రంగు ప్రతిబింబం అలాగే ఉన్నాయి. నిగనిగలాడే తెల్లటి ప్లాస్టిక్ మీద ఇది తప్పకుండా వస్తుంది. పక్కనున్న శుభ్రమైన చోటు నుంచి రంగు తీసుకుని కలర్ బ్లెండింగ్ మోడ్‌లో ఉన్న లేయర్ మీద పూస్తే గులాబీ ఛాయ పోతుంది. అయితే ఆ మోడ్ వెలుగును మార్చదు కాబట్టి నీడను కర్వ్స్‌తో విడిగా ఎత్తాల్సి ఉంటుంది. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద మామూలుగా చూస్తే ఈ మరకలు కంటికి సులభంగా ఆనవు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌ను తీసేసి, సీసా కింద ముదురు రంగు లేయర్ ఒకటి పెట్టి 200 శాతం పెద్దది చేసి చూస్తే అంచు లోపాలు, పైన కర్వ్స్ లేయర్‌తో కాంట్రాస్ట్‌ను బాగా పెంచి చూస్తే నీడలు, మరకలు బయటపడతాయి. మేము అలాగే చూశాము. ఫైలు పంపే ముందు మీ దగ్గర ఎవరైనా ఇలా చూసి ఉంటే ఇది మా దాకా వచ్చేది కాదు.

కాబట్టి ఈ పనిని అదనపు రుసుము లేకుండా మొదటి నుంచి తిరిగి చేసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. పాత ఫైలుకే మెరుగులు దిద్దితే మాకు సమ్మతం కాదు, ఎందుకంటే అందులో అసలు అంచు ఇప్పటికే పోయింది. పాత్, మాస్క్, నింపిన భాగాలు వేర్వేరు లేయర్లలో ఉన్న ఫైలును, పారదర్శక బ్యాక్‌గ్రౌండ్ ఉన్న పీఎన్‌జీ ఫైలును రెండూ పంపండి. లేబుల్ మూలను రెండో ఫోటో నుంచి తెస్తారా, మీకు ప్రింట్ ఫైలు కావాలా అన్నది పని మొదలుపెట్టే ముందే తెలియజేయండి. ఇలా చేయడం మీకు సాధ్యం కాకపోతే మేము చెల్లించిన రుసుమును పూర్తిగా తిరిగి ఇవ్వండి. “100 మి.లీ.” అని ఉన్న ఫోటోను మీ పని నమూనాగా ఎక్కడైనా పెట్టి ఉంటే, మా జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే తీసివేయండి.

ఇట్లు,
ఉత్పత్తి ఫోటోల బాధ్యులు