సంక్రాంతి పెట్టెల ఆలస్యం, అర్ధరాత్రి మేం చేయని ఫోను

"సరుకు ఎయిర్‌పోర్టులో ఆగిందని మీకు బుధవారం ఉదయమే తెలిసిందట. అమెరికాలో మీ మనిషి ఉన్నారు కదా, అప్పుడే ఫోను చేసి లేపి ఉంటే మా అరిసెలు ఇంకా ముందే వచ్చేవి కావా?"
– డాలస్ నుంచి ఒక కస్టమర్

రావు. అప్పుడు లేపినా ఒక్క గంట కూడా కలిసొచ్చేది కాదు. ఈ విడత ఆర్డరు పెట్టిన అందరికీ ఆ సంగతి వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

రాజమండ్రిలో కట్టిన మీ పెట్టెలన్నీ ఒకే సరుకుగా విమానంలో న్యూజెర్సీలోని నెవార్క్ చేరతాయి. కస్టమ్స్ బ్రోకరు వాటిని విడిపించాక, ఎడిసన్‌లో ఉన్న మా సహోద్యోగులు ఇద్దరు విడదీసి మీ చిరునామాలకు కొరియర్ చేస్తారు. బ్రోకరు మన తరఫున కాగితాలు దాఖలు చేయాలంటే దిగుమతిదారు సంతకం చేసిన అధికారపత్రం ఆయన దగ్గర ఉండాలి. అది అక్కడి నియమం. ఈ సీజనులో బ్రోకరు కొత్తవారు. ముందే అందిన పత్రంలో సంతకం కింద హోదా కూడా ఉండాలని సరుకు దిగిన తరువాత అడిగారు. అక్కడ మా కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్నది ఒక్కరికే. మేమంతా ఆవిడను అక్కా అనే పిలుస్తాం.

హైదరాబాద్‌లోని కార్గో ఏజెంటు ఈ సంగతి చెప్పేసరికి ఇక్కడ ఉదయం 11 గంటలు. చలికాలంలో న్యూజెర్సీ మనకన్నా పదిన్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి అక్కడ అర్ధరాత్రి దాటి 12.30. బ్రోకరు ఆఫీసు తెరిచేది అక్కడి ఉదయం 9 గంటలకు, అంటే మనకు రాత్రి 7.30కి. అక్కను ఆ క్షణాన లేపి సంతకం పెట్టించుకున్నా, ఆ కాగితం తెల్లవారే వరకు ఎవరూ చూడని మెయిల్‌లోనే పడి ఉండేది. మాకు ఎప్పుడు తెలిసిందన్నది కాదు, ఆ పని చేసే తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందన్నదే మేం లెక్క వేసుకుంటాం. నిజమైన గడువు అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తేనే తెలుస్తుంది. ఈసారి ఆ గడువు ఆవిడ ఉదయం 9 గంటలు. ఆవిడ మామూలుగా లేచేది ఆరున్నరకు. అంటే మా దగ్గర ఆరు గంటలున్నాయి. ఆ ఆరు గంటల్లో మేం చేయాల్సింది ఆవిడ పనిని ఐదు నిమిషాలకు కుదించడం.

బ్రోకరు ఫారం తెప్పించి, కంపెనీ వివరాలన్నీ నింపి, సంతకం, హోదా, తేదీ పెట్టాల్సిన మూడు చోట్లు మాత్రం ఖాళీగా ఉంచాం. తరువాత ఆవిడకు ఉదయం 6.30కి అందేలా సమయం పెట్టి మెయిల్ పంపాం. వాట్సాప్‌లో పెడితే రాత్రే కంటపడుతుందేమోనని మెయిలే ఎంచుకున్నాం. అందులో రాసింది ఇది:

"అక్కా, సంక్రాంతి సరుకు నెవార్క్‌లో ఆగింది. అధికారపత్రంపై మీ హోదాతో సంతకం మళ్లీ కావాలంటున్నారు. నింపిన ఫారం జతచేశాను. మూడు చోట్ల మాత్రమే మీరు రాయాలి, ఫోనులోనే అయిపోతుంది. బుధవారం మీ ఉదయం 9 (మాకు రాత్రి 7.30) లోపు బ్రోకరుకు చేరితే ఈ రోజే కాగితాలు వేస్తామన్నారు. ఇది మీ పని గంటలు మొదలవకముందే అడుగుతున్నానని తెలుసు. కుదరకపోతే 10 గంటలకు మీరు పనిలోకి వచ్చాక చేయండి. అప్పుడు సరుకు ఒక రోజు ఆలస్యమవుతుంది, గోదాము అద్దె మేం కట్టుకుంటాం, కస్టమర్లకు ఇక్కడి నుంచి మేమే చెబుతాం. చేసినా, కుదరదన్నా ఒక్క మాట రాయండి చాలు. నేను రాత్రి 10 వరకు మెలకువగా ఉంటాను."

ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది "కుదరకపోతే" తరువాత వచ్చే భాగం. కాదంటే ఏమవుతుందో, ఆ భారం ఎవరు మోస్తారో ముందే చెప్పాం కాబట్టి ఆవిడ నిజంగానే కాదనగలరు. "మీరు తప్ప మాకు దిక్కు లేదు", "దయచేసి దయచేసి" అని రాస్తే అది వినయంలా కనిపిస్తుంది కానీ కాదనడానికి చోటు మిగల్చదు. నిద్ర కళ్లతో చదివే మనిషి మీద అంతకు మించిన ఒత్తిడి ఉండదు. "ముందుగానే ధన్యవాదాలు" కూడా అలాంటిదే, ఒప్పుకోకముందే ఒప్పుకున్నట్టు లెక్క కట్టేస్తుంది.

మేం ఎప్పుడూ పంపనిది ఇంకొకటి ఉంది: "అక్కా, ఉన్నారా? ఒక పని ఉంది." ఎదురుగా కూర్చున్న వాళ్లను అలా అడిగితే తప్పేమీ లేదు. ఇంత తేడా ఉన్న చోట ఆవిడ లేచి "చెప్పండి" అనేసరికి మనకు సాయంత్రం, మనం వివరించి ఆవిడ ఎదురు ప్రశ్న అడిగేసరికి రాత్రి, మన జవాబు వెళ్లేసరికి బ్రోకరు ఆఫీసు మూసేస్తారు. ఒక పలకరింపుకే ఒక రోజు పోతుంది. "రేపు ఉదయానికి కావాలి" అన్నా ఇదే చిక్కు. ఎవరి రేపో తెలియదు. అందుకే వారం పేరు, రెండు ఊళ్ల గంటలు రాస్తాం.

అర్ధరాత్రి లేపే సందర్భాలు లేవని కాదు. తెల్లవారేలోపు చేయి దాటిపోయేదై, అక్కడి మనిషి మాత్రమే ఆపగలిగేదైతే ఏ వేళైనా ఫోను చేస్తాం. 2023 నుంచి అమెరికాలో నువ్వులను కూడా ప్రధాన అలర్జీ పదార్థాల్లో చేర్చారు, లేబుల్ మీద ఆ పేరు తప్పనిసరి. అరిసెల్లో నువ్వులుంటాయి. ఆ పేరు లేని పెట్టె ఎవరి ఇంటికైనా పంపడానికి సిద్ధంగా ఉందని తెలిస్తే నేను క్షణం ఆగను. దీనికి అక్కే ఒక పద్ధతి చెప్పారు: ఆవిడ ఫోను రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ ఒకే నంబరు నుంచి మూడు నిమిషాల్లో రెండోసారి వస్తే మోగుతుంది. రెండుసార్లు మోగితే ప్రమాదం అని ఆవిడకు తెలుసు. ఆ నమ్మకాన్ని సంతకాల కోసం ఖర్చు పెడితే, నిజంగా అవసరమైన రాత్రి ఆవిడ ఫోను ఎత్తకపోవచ్చు.

ఈసారి ఆవిడ 6.50కి జవాబు రాశారు: "బాబును స్కూల్లో దింపి వచ్చి చేస్తాను." 8.40కి సంతకం బ్రోకరుకు చేరింది. ఆయన ఆ రోజే కాగితాలు వేశారు, సరుకు శుక్రవారం విడుదలైంది. కస్టమ్స్ తీసుకున్న సమయం మా చేతిలో లేదు, ఆవిడ చేతిలోనూ లేదు. పనివేళల బయట ఇచ్చిన సమయానికి ఆవిడకు జీతం కడుతున్నాం, మరుసటి రోజు ఉదయం సెలవిచ్చాం. సంతకం అందిందనీ, ఇంక ఆవిడ చేయాల్సింది లేదనీ అదే రాత్రి రాశాం, లేకపోతే ఆవిడ పగలంతా మెయిల్ చూసుకుంటూ ఉండేవారు.

ఎడిసన్‌లో పెట్టెలు విడదీయడం పూర్తయింది. తూర్పు తీరం వారికి సోమవారానికి, టెక్సస్, కాలిఫోర్నియా వారికి భోగికి ముందు చేరేలా కొరియర్‌కు ఇచ్చాం. భోగి దాటి అందితే ఆ పెట్టె కొరియర్ ఖర్చు వెనక్కి ఇస్తాం, ఆర్డరు నంబరుతో మాకు రాయండి. ఇకనుంచి సంతకం పెట్టే అధికారం అక్కడి రెండో సహోద్యోగికి కూడా ఇస్తున్నాం, ఉగాది సరుకుకు ముందే ఆ కాగితాలు పూర్తవుతాయి. మార్చి రెండో ఆదివారం అక్కడి గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి, న్యూజెర్సీకీ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలవుతుంది. ఆ తరువాత మాకు ఫోను చేసేవారు ఆ గంట గుర్తుంచుకోండి.