ఫిర్యాదుల పెట్టె తాళంచెవి వార్డెన్ దగ్గరే ఉంది

నల్లగొండ,
ఆగస్టు 6.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ నల్లగొండ జూనియర్ కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల విధానంలో ఉన్న లోపాలు.

అయ్యా,

అడ్మిషన్ అప్పుడు మీరిచ్చిన నియమాల పుస్తకంలో ఫిర్యాదుకు మూడు మెట్లున్నాయి. వార్డెన్ 7 పనిదినాల్లో తేల్చాలి. అక్కడ తేలకపోతే ప్రిన్సిపాల్ 15 రోజుల్లో, ఆ తర్వాత మీ హెడ్డాఫీసు. అయితే ఆ 7 రోజులు ఎప్పటి నుంచి లెక్కో ఎక్కడా రాయలేదు. పెట్టె తెరిచేది నెలకోసారి, ఆఖరి శనివారం.

మూడో అంతస్తులో పొద్దున ఆరున్నరకే నల్లాలు ఆగిపోతున్నాయని ఒక అమ్మాయి జులై 2న చీటీ వేసింది. పెట్టె 26న తెరిచారు. ఆదివారాలు తీసేస్తే గడువు ఆగస్టు 4కు పడింది. మీ రికార్డులో ఆలస్యమే లేదు, పిల్లలకు మాత్రం 33 రోజులు నీళ్లు లేవు. పెట్టె వారానికి రెండుసార్లైనా తెరవాలి. చీటీ వేసిన రోజు నుంచే గడువు లెక్కించాలి. చేతికిచ్చిన ఫిర్యాదుకు అప్పుడే నంబరు వేసిన రసీదు ఇవ్వాలి. అది లేకపోతే పై మెట్టుకు పోయినప్పుడు "మాకు రాలేదు" అనే మాటే వినాల్సి వస్తుంది.

గోప్యత సంగతి ఇంకా అన్యాయం. ఆఫీసు టేబుల్ మీది రిజిస్టర్‌లో పేరు, గది నంబరు, ఫిర్యాదు అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. ఫీజు కట్టడానికి వచ్చిన వాళ్లెవరైనా చదువుకోవచ్చు. పేరు కొట్టేసినా లాభం లేదు: ముగ్గురుండే గదిలో ఎవరు రాశారో చేతిరాతే చెప్పేస్తుంది. రిజిస్టర్‌లో నంబరు, తేదీ, అంశం చాలు. పేరున్న కాగితం ప్రిన్సిపాల్ బీరువాలో ఉండాలి. కింది వాళ్లకు విషయాన్ని టైపు చేసి పంపాలి, అసలు చీటీ కాదు. వార్డెన్ మీదే ఫిర్యాదైతే మొదటి మెట్టు దాటించి నేరుగా ప్రిన్సిపాల్‌కు పోవాలి. ఇప్పుడు తాళంచెవి కూడా వార్డెన్ దగ్గరే ఉంది.

ఒక వాక్యం మాత్రం వెంటనే తీసేయాలి: "ఏ ఫిర్యాదైనా ముందు కాలేజీలోనే విచారిస్తాం, బయటకు చెప్పం." ఇంటర్ పిల్లల్లో చాలామందికి 18 నిండవు. లైంగిక వేధింపుల మాట వస్తే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. 7 రోజుల లోపలి విచారణ అక్కడ కుదరదు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు. "ఎవరికీ చెప్పం" అని పిల్లలకు మాటివ్వకండి. "అవసరమైన వాళ్లకే చెప్తాం, చెప్పే ముందు నీకు చెప్తాం" అని రాయండి, అది నిలబెట్టుకోగలిగే మాట.

ప్రతి నిర్ణయం కారణంతో సహా కాగితం మీద ఇవ్వాలి. అప్పీలుకు మీరు పెట్టిన 3 రోజులు దేవరకొండ, హాలియా నుంచి వచ్చే తల్లిదండ్రులకు చాలవు, 10 చేయండి.

ఈ లేఖకు నంబరు వేసి రసీదు పంపగలరు. 15 పనిదినాల్లో జవాబు రాకుంటే దీని ప్రతిని జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారికి ఇస్తాం.

ఇట్లు,
హాస్టల్ విద్యార్థుల తల్లిదండ్రులు